13.5 లక్షలకు రాజీ పడమంటున్నారు – మా అన్న కేసులో ఈ లెక్క ఎట్లా వచ్చింది?

పెన్న ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది తాడిపత్రి. పోయిన సంవత్సరం ఆగస్టులో మా అన్న గుత్తి వైపు బైకు మీద పోతుంటే వెనక నుంచి లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. లారీ డ్రైవర్ మీద పోలీసులు ఛార్జిషీటు వేశారు, లారీకి ఇన్సూరెన్సు ఉంది. నాలుగు నెలల్లోపే అనంతపురంలో ట్రైబ్యునల్‌లో పిటిషన్ వేశాము. వదిన, ఇద్దరు పిల్లలు, మా అమ్మ పిటిషనర్లు.

అన్న కూడా లారీ డ్రైవరే. నాపరాళ్ల లోడు బెంగళూరు, చెన్నై తోలేవాడు. నెలకు 12,000 జీతం చేతికిచ్చేవాళ్లు, పైన ట్రిప్పుకింత అని బత్తా. పే స్లిప్పు లాంటిదేమీ లేదు.

ఇప్పుడు వచ్చే లోక్ అదాలత్‌లో పెడదాం, 13.5 లక్షలు ఇస్తామని ఇన్సూరెన్సు వాళ్ల లాయరు చెప్పాడంట. మా లాయరు కూడా ఆలోచించుకోండి అంటున్నాడు. వదినేమో ఎంతో కొంత తీసుకుని ఈ టెన్షన్ వదిలించుకుందామంటుంది. నాకు తెలియాల్సింది ఒకటే. ఈ 13.5 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఏదో నోటికొచ్చిన అంకెనా, లెక్క ఉందా?

బత్తాల లారీ

తమ్ముడూ, చాలా బాధగా ఉంది. నేను ఇరవై ఏండ్లు స్టీరింగ్ పట్టినవాణ్ణి, ఇప్పుడు రెండు బండ్లు ఉన్నాయి. డ్రైవర్ డ్యూటీలో పోతే ఓనరు ఇన్సూరెన్సు మీద లేబర్ డిపార్ట్‌మెంటులో కేసు వేయాల. అక్కడ వేరే టేబుల్ ఉంటుంది, తప్పు ఎవరిదని అడగరు, తొందరగా వస్తుంది. మీరు ట్రైబ్యునల్‌కు ఎందుకు పోయినారు?

పెన్న ఒడ్డు

అన్నా, డ్యూటీలో కాదు. లోడు దించి ఇంటికొచ్చి, మరుసటి రోజు సొంత బైకు మీద బంధువుల ఊరికి పోతున్నాడు. గుద్దిన లారీకీ మా అన్న పనిచేసే ఓనరుకూ సంబంధం లేదు.

కోర్టు సెంటర్

అయితే మీరు సరైన చోటే ఉన్నారు. డ్యూటీలో చనిపోయినా రెండు చోట్లా తీసుకోవడానికి ఉండదు, మోటారు వాహనాల చట్టం 167 ప్రకారం ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. మీకు ఆ ప్రశ్నే లేదు.

నేను అనంతపురంలో ఈ కేసులు చూస్తుంటాను, ఎక్కువగా క్లెయిమ్ వేసేవాళ్ల తరఫున. నోటికొచ్చిన అంకె అయితే కాదు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఎవరో కూర్చుని లెక్క వేసే ఉంటారు. మూడు విషయాలు చెప్పండి, ఆ లెక్కను వెనక్కి విప్పి చూద్దాం. పిటిషన్లో మీ అన్న వయసు ఎంత రాశారు? ఆ వయసు ఏ కాగితంలోంచి తీసుకున్నారు? మీ అమ్మ ఎవరి దగ్గర ఉంటున్నారు?

గుత్తి కోట

నేను బ్యాంకులో పని చేసి రిటైరయ్యాను, మా బంధువుల కేసు ఒకటి దగ్గరుండి చూశాను. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. సంవత్సర ఆదాయంలో మూడో వంతు తీసేసి మల్టిప్లయర్‌తో గుణిస్తారు. మల్టిప్లయర్ భార్య వయసును బట్టి ఉంటుంది, ఎందుకంటే డబ్బు అందుకునేది ఆమె. మీ వదిన వయసు ఎంత? ముప్పై నాలుగైతే 16. ఇంకో మాట, ఎల్ఐసీ గానీ, బ్యాంకు ఖాతా మీద కట్ చేసే 2 లక్షల ప్రమాద బీమా గానీ వచ్చుంటే అది ఇందులోంచి తీసేస్తారు. దాని గురించి ఎక్కువ మాట్లాడకండి.

కోర్టు సెంటర్

గుత్తి కోట సార్, గుణించే పద్ధతి మీరు చెప్పిందే. మిగతావి సరిచేయాలి.

మల్టిప్లయర్ చనిపోయినవారి వయసును బట్టే. పెళ్లికాని కొడుకు పోయినప్పుడు తల్లి వయసు చూడాలా అని చాలా ఏండ్లు వాదనలు నడిచాయి, మీరు చూసిన కేసు ఆ కాలంలోది కావచ్చు. 2017లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి ప్రణయ్ సేథీ కేసులో ఆ సంగతి తేల్చేసింది. టేబుల్ మాత్రం 2009 సరళా వర్మ తీర్పులోదే. 15 నుంచి 25 ఏండ్లకు 18 ఉంటుంది, 26 నుంచి 30కి 17, 31 నుంచి 35కి 16, 36 నుంచి 40కి 15, 41 నుంచి 45కి 14. అట్లా దిగుతూ పోయి 65 దాటితే 5.

మూడో వంతు కోత అందరికీ కాదు. మనిషి బతికుంటే తన తిండికి, బట్టకు, తిరుగుడుకు కొంత ఖర్చు పెట్టుకునేవాడు గదా, అది కుటుంబానికి చేరేది కాదు. ఇంట్లో ఎంతమంది ఆధారపడితే ఆయన సొంతానికి వాడుకునేది అంత తక్కువని కోర్టు అనుకుంటుంది. ఇద్దరు ముగ్గురైతే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురి దాకా నాలుగో వంతు, అంతకు మించితే అయిదో వంతు. పెళ్లి కాకపోతే సగం.

ఎల్ఐసీ డబ్బు తీసేయరు. చనిపోయిన మనిషి ప్రీమియం కట్టి సంపాదించుకున్న హక్కు అది, లారీవాడి తప్పుకు దానితో సంబంధం లేదని 1998లోనే హెలెన్ రెబెల్లో కేసులో తేలింది. దాచిపెట్టే అవసరమే లేదు.

పెన్న ఒడ్డు

సార్, పిటిషన్లో 41 అని రాశారు. ఆధార్లో పుట్టిన తేదీ చూసి వేశారు, పోస్టుమార్టం కాగితంలోనూ అదే ఉంది. ఆధార్లో తేదీ జనవరి 1 అని ఉంటుంది. ఆధార్ తీసినప్పుడు అమ్మ అంచనాగా చెప్పింది. నిజానికి అన్న నాకంటే ఆరేండ్లు పెద్ద, నాకు 33. కాబట్టి పోయేటప్పటికి 39 ఉంటాయి. ఏడో తరగతి దాకా మా ఊరి బడిలోనే చదివాడు.

అమ్మ అన్న దగ్గరే ఉండేది. అన్న పోయాక వదిన పుట్టింటికి పోవడంతో నా దగ్గరికి తీసుకొచ్చుకున్నాను.

కోర్టు సెంటర్

ఇప్పుడు మీ 13.5 లక్షలు ఎట్లా వచ్చాయో చెప్పగలను. ఇది నా అంచనానే, కానీ అంకెలు ఎంత దగ్గరగా కుదురుతున్నాయో మీరే చూడండి.

జీతానికి కాగితం లేదని నెలకు 9,000 పట్టుకుని ఉంటారు. వయసు 41 కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 25 శాతం కలిపితే 11,250. సంవత్సరానికి 1,35,000. మీ అమ్మ మీ దగ్గర ఉంటున్నారని ఆమెను లెక్కలోంచి తీసేసి, ఆధారపడినవాళ్లు ముగ్గురే అంటారు. మూడో వంతు కోస్తే 90,000. 41కి మల్టిప్లయర్ 14. మొత్తం 12,60,000.

దాని మీద అంత్యక్రియల ఖర్చు 18,150, ఎస్టేట్ నష్టం 18,150, భార్యకు భర్త తోడు పోయినందుకు 48,400. ఇవి స్థిరంగా ఇచ్చే మొత్తాలు. 2017లో 15,000, 15,000, 40,000గా పెట్టి మూడేండ్లకోసారి 10 శాతం పెంచమన్నారు, రెండుసార్లు పెరిగి ఇంతయ్యాయి. అన్నీ కలిపితే 13,44,700. పైకి సరిచేస్తే 13.5 లక్షలు.

దీంట్లో కూడికలు, గుణింతాలు ఒక్కటీ తప్పు లేదు. లోపలికి పోసిన మూడు సంగతులు మాత్రం ప్రశ్నించదగ్గవి. ఒకటి వయసు, రెండోది మీ అమ్మ, మూడోది ఆదాయం.

ఓర్వకల్లు రాళ్లు

నేను కర్నూలులో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిమ్స్ సెక్షన్లో కొన్నేండ్లు పనిచేశాను, ఇప్పుడు మానేశాను. కోర్టు సెంటర్ గారు విప్పిన తీరు సరిగ్గా ఉంది. మేము కూడా అట్లాగే వేసేవాళ్లం. ఫైల్లో రుజువు లేని ప్రతి దానికీ తక్కువ అంకె పట్టుకోవడం అక్కడ అలవాటు, కాగితం చూపిస్తే మారుస్తారు. మాటతో మారదు.

వయసు సంగతి ముందు చూసుకోండి. మీ కేసులో డబ్బు ఎక్కువగా కదిలేది అక్కడే, ఎందుకంటే 40 గీత దగ్గర రెండూ ఒకేసారి మారతాయి. సొంత పని చేసేవాళ్లకు, స్థిర జీతం మీద ఉన్నవాళ్లకు 40 లోపైతే 40 శాతం కలుపుతారు. 40 నుంచి 50 అయితే 25 శాతమే. అటువైపు మల్టిప్లయర్ 15 నుంచి 14కు దిగుతుంది.

పెన్న ఒడ్డు

మరి పిటిషన్లో మేమే 41 అని రాశాం గదా మేడమ్. ఇప్పుడు 39 అంటే నమ్ముతారా? ఆధార్ ప్రభుత్వం ఇచ్చిందే గదా.

కోర్టు సెంటర్

ఆధార్ ఎవరు ఈ మనిషి అని చెప్పడానికి రుజువు, ఎప్పుడు పుట్టాడో చెప్పడానికి కాదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు సరోజ్ కేసులో సరిగ్గా మీలాంటి సందర్భమే చూసింది. అందులో ట్రైబ్యునల్ బడి సర్టిఫికెట్ చూసి 14 వేస్తే, హైకోర్టు ఆధార్ చూసి 13కి తగ్గించింది. సుప్రీంకోర్టు బడి సర్టిఫికెట్‌నే తీసుకుని మళ్లీ 14 చేసింది.

కాబట్టి మీరు మీ ఊరి బడికి పోయి అడ్మిషన్ రిజిస్టరులో అన్న పేరున్న పేజీకి హెడ్‌మాస్టర్ సంతకంతో నకలు తీసుకోండి. స్టడీ సర్టిఫికెట్ కూడా అడగండి. ఉత్త సర్టిఫికెట్ పెడితే దీన్ని ఇప్పుడు పుట్టించారంటారు, అందుకే రిజిస్టరు ముఖ్యం. పాత రిజిస్టరులో వరుస నంబరు, ముందూ వెనకా వేరే పిల్లల పేర్లు ఉంటాయి, దాన్ని అనుమానించడం కష్టం. అవసరమైతే హెడ్‌మాస్టరును రిజిస్టరుతో సహా సాక్షిగా పిలిపించవచ్చు. పిటిషన్లో వయసు సవరించమని మీ లాయరు ఒక దరఖాస్తు వేయాలి. విచారణ అయిపోక ముందే వేయండి.

లెక్క ఎట్లా మారుతుందో చూడండి. ఆదాయం అదే 9,000 ఉంచుదాం. మీ అమ్మను కలిపి నాలుగో వంతు కోస్తే 12.60 కాస్తా 14,17,500 అవుతుంది. వయసు 39 అని తేలితే అదే 17,01,000. ఇంకా ఆదాయం జోలికి పోనేలేదు.

చీనీ తోట

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మాది పులివెందుల దగ్గర. మా నాయనకు 62. కారు గుద్ది పోయినాడు, తొమ్మిది నెలలయింది. అయిదెకరాల చీనీ తోట ఉండేది, ఆయనే చూసుకునేవాడు. కేసు ఇంకా వేయలేదు. భూమి ఎక్కడికీ పోలేదు గదా, తోట మీ పేరు మీదికే వస్తుంది, మీకు నష్టమేముంది, పరిహారం రాదంటున్నారు కొందరు. మాకు అమ్మ, చేతకాని తమ్ముడు ఉన్నారు. ఆరు నెలల గడువు దాటిపోయిందని కూడా భయపెడుతున్నారు.

కోర్టు సెంటర్

అమ్మా, వెంటనే ఒక లాయరును కలవండి. 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలల గడువు ఉన్నమాట నిజమే. కానీ ఆ గడువు చెల్లుతుందా లేదా అన్నదే సుప్రీంకోర్టు ముందు ఉంది. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని నమ్ముకుని ఇంకా ఆలస్యం చేయకండి, తుది తీర్పు ఎట్లా వస్తుందో ఎవరికీ తెలియదు.

భూమి సంగతిలో వాళ్లు చెప్పింది సగం నిజం. 2003లో జస్బీర్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు అదే అంది. భూమి కుటుంబానికే మిగులుతుంది కాబట్టి పంట మీద వచ్చే మొత్తాన్ని నష్టమనలేం. కానీ దాన్ని చూసుకునే మనిషి పోయాడు. ఆ చూసుకునే పనికి విలువ కట్టి ఇవ్వాలి. తోట ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?

చీనీ తోట

గుత్తకు ఇచ్చేశాం సార్. నీళ్లు కట్టడం, మందులు కొట్టడం, వ్యాపారులతో బేరం చేయడం మా వల్ల కాలేదు. సంవత్సరానికి 1,50,000 ఇస్తున్నారు. నాయన ఉన్నప్పుడు ఖర్చులు పోను మూడు లక్షల దాకా మిగిలేది. ధర పడిపోయిన సంవత్సరం అంత లేదు.

కోర్టు సెంటర్

మీ గుత్త కాగితమే మీకు మంచి రుజువు. ఆయన ఉంటే 3,00,000, ఆయన లేకుండా 1,50,000. ఆ తేడా ఆ మనిషి చేతి విలువ. ఇద్దరు ఆధారపడ్డారు కాబట్టి మూడో వంతు తీస్తే లక్ష. 61 నుంచి 65కి మల్టిప్లయర్ 7. ఆదాయ నష్టం 7,00,000. అరవై దాటాక భవిష్యత్తు పెరుగుదల కలపరు.

మూడు లక్షలు మిగిలేదని నిరూపించడం మాత్రం కష్టమే. అనంతపురం మార్కెట్ యార్డులో అమ్మిన పట్టీలుంటే రెండు మూడేండ్లవి వెతకండి. ఒక్క మంచి సంవత్సరం పట్టీలే చూపిస్తే అవతలి లాయరు వెంటనే పట్టుకుంటాడు. మంచి ఏడూ చెడ్డ ఏడూ కలిపి సగటు చూపించండి. గుత్త కాగితం తెల్లకాగితం మీద రాసుకున్నదైతే, గుత్తదారు కోర్టుకొచ్చి చెప్పాల్సి వస్తుంది.

చీనీ తోట

తెల్లకాగితమే సార్. గుత్తదారు మా దూరపు చుట్టమే, వస్తాడనుకుంటున్నా. రేపే పులివెందుల పోయి లాయరును చూస్తాను.

పెన్న ఒడ్డు

నాకు ఒకటి అర్థం కావడం లేదు. మా అన్నకు 39. లారీ డ్రైవర్లు అరవై దాకా తోలుతారు. ఇంకా ఇరవై ఏండ్లకు పైగా సంపాదించేవాడు. మరి 15తోనే ఎందుకు గుణిస్తారు? ఆరేండ్ల సంపాదన ఎవరు తిన్నట్టు?

గుత్తి కోట

ఇది మాత్రం నాకు బాగా తెలిసిన విషయం బాబూ, నలభై ఏండ్లు చేసిన పని ఇదే. ఇరవై ఏండ్లలో నెలనెలా రావలసిన డబ్బు ఇప్పుడు ఒక్కసారిగా ఇస్తున్నారు. దాన్ని బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది. 15తో గుణించారంటే, ఆ మొత్తం మీద ఏటా ఆరున్నర శాతం పైచిలుకు వడ్డీ వస్తే చాలు, సంవత్సర నష్టం అంతా వడ్డీతోనే పూడుతుంది. అసలు కదలదు. అందుకని 21 ఏండ్లకు 21తో గుణిస్తే అది నష్టం కంటే ఎక్కువవుతుంది.

ఓర్వకల్లు రాళ్లు

కంపెనీ వాళ్లు అదే అంటారు సార్, అసలు కదలకపోతే మరి 15 కూడా ఎక్కువే అని. ఈ పద్ధతి ఉద్దేశం వడ్డీతో పాటు అసలు కూడా కొంచెం కొంచెంగా తింటూ పోయి, కుటుంబానికి ఆసరా అవసరమైనన్నాళ్లకు డబ్బు సరిగ్గా అయిపోవాలని. పైగా మనిషి ఏ జబ్బుతోనో మధ్యలో పని మానేసే అవకాశం కూడా అందులో కలిసే ఉంటుంది. అందుకే ఇరవై ఏండ్ల కుర్రవాడికి కూడా 18కి మించి ఇవ్వరు.

కోర్టు సెంటర్

మీ ఇద్దరి మాటకూ ఒక జవాబు ఉంది. వడ్డీ ఏటా అంతే వస్తుంది, బియ్యం ధర అంతే ఉండదు. ఈరోజు ఇల్లు గడవడానికి సరిపోయే డబ్బు పదేండ్ల తర్వాత సరిపోదు. బతికుంటే మనిషి కూలి పెరిగేది. 40 శాతం కలపడం అందుకే. అది వదిలేసి 15 ఎక్కువ అనడం సరికాదు. పర్మినెంటు ఉద్యోగం కాకపోతే ఈ పెరుగుదల కలపాలా వద్దా అని ఒకప్పుడు తగాదా ఉండేది. డ్రైవర్లకు, కూలీలకు కూడా కలపాలని ప్రణయ్ సేథీలో తేలడంతోనే మీలాంటి కుటుంబాల పరిహారం పెరిగింది.

ఇక ఆదాయం. పెన్న ఒడ్డు గారూ, మీ కేసులో నెలకు ఒక్క వెయ్యి ఎక్కువ నిరూపిస్తే ఎంతవుతుందో వేసి చూడండి. 1,000 × 1.40 × 12 × 3/4 × 15. లక్షా 89 వేలు. అందుకే ఆ 9,000ను అట్లా వదిలేయకూడదు.

బత్తాల లారీ

తాడిపత్రి నుంచి నాపరాళ్ల లోడు తోలే హెవీ లైసెన్సు డ్రైవరుకు 9,000 అంటే ఎవరూ బండెక్కరు. మా దగ్గర క్లీనరుకే అంతకంటే ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. బత్తా కూడా కలపాల తమ్ముడూ, అది కూడా వాడి సంపాదనే.

ఓర్వకల్లు రాళ్లు

బత్తా కలపడానికి కంపెనీ ఒప్పుకోదు. అది దారిలో తిండికి, టీకి, స్నానానికి ఇచ్చేది. మనిషి దారిలో లేకపోతే ఆ ఖర్చే లేదు. ఖర్చు కోసం ఇచ్చిన డబ్బును కుటుంబం కోల్పోయిన ఆదాయం అనలేరు. ఈ వాదన కొన్నిచోట్ల నెగ్గడం నేను చూశాను.

కోర్టు సెంటర్

నేను దానికి ఎదురు వాదిస్తాను. ఆయన సొంత ఖర్చని నాలుగో వంతు ఎలాగూ కోస్తున్నారు. అందులో తిండి ఉంది. మళ్లీ తిండి ఖర్చని బత్తా మొత్తం తీసేస్తే, ఒకే తిండికి రెండుసార్లు కోసినట్టు. దారిలో అయిన ఖర్చు పోను ఇంటికి తెచ్చింది ఎంతో అది కలపమంటాను.

పెన్న ఒడ్డు గారూ, మీ అన్న బత్తాలో ఎంత మిగిల్చేవాడు?

పెన్న ఒడ్డు

నెలకు ఆరు వేల దాకా బత్తా వచ్చేది. సగం ఇంటికి పంపేవాడు, వదిన ఫోన్‌పేలో కనపడుతుంది. జీతం మాత్రం చేతికే. ఓనరును అడిగితే కోర్టు గొడవలు నాకొద్దు, పీఎఫ్ అంటారు, ట్యాక్స్ అంటారు, వదిలేయమన్నాడు.

బత్తాల లారీ

ఓనర్ల భయం నాకు తెలుసు. కానీ ఆయన రాకపోయినా కాగితాలు ఉంటాయి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ప్రతి లోడుకూ డ్రైవరు పేరుతో ట్రిప్ షీటు ఉంటుంది. టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్‌లో బండి ఏ రోజు ఎక్కడ దాటిందో పడుతుంది. రెండూ పక్కపక్కన పెడితే మీ అన్న నెలకు ఎన్ని ట్రిప్పులు వేశాడో తెలిసిపోతుంది. మా ఏరియాలో ట్రిప్పుకు బత్తా ఎంతో నేనైనా వచ్చి చెప్తాను, దానికి భయమేముంది.

కోర్టు సెంటర్

అన్నా, మీరు వస్తానన్నది చిన్న విషయం కాదు. అదే పని చేయించే మనిషి వచ్చి ఆ ప్రాంతంలో వాడుక కూలి ఎంతో చెప్తే ట్రైబ్యునల్ వింటుంది. ఓనరుకు సమన్లు పంపించమని అడగవచ్చు, కానీ ఇష్టం లేకుండా వచ్చిన సాక్షి బోనెక్కి మనకు నష్టం చేసే మాట చెప్పే ప్రమాదం ఉంది. నేనైతే ముందు ఫోన్‌పే స్టేట్‌మెంటు, ట్రిప్ షీట్లు, హెవీ లైసెన్సు పెడతాను. కాగితం లేనంత మాత్రాన కనీస వేతనంతోనే ఆగాల్సిన పని లేదని, పని స్వభావం చూసి కొంత అంచనా వేయవచ్చని 2021లో చంద్ర కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది కూడా హెవీ వాహనం డ్రైవరు కేసే.

జీతం 12,000 ఒక్కటే ఒప్పుకుంటే, వయసు 39, నలుగురు ఆధారం అనుకుంటే 22,68,000. బత్తాలో ఇంటికి వచ్చిన 3,000 కలిపి 15,000 ఒప్పుకుంటే 28,35,000. దాని మీద నలుగురికీ తలా 48,400. పిల్లలకు తండ్రి, తల్లికి కొడుకు పోయినందుకు కూడా వస్తుంది, భార్య ఒక్కదానికే కాదు. అంత్యక్రియలు, ఎస్టేట్ కలిపితే మొత్తం 30,64,900. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ వేరు. 7.5 శాతం వేసినా ఏడాదికి రెండు లక్షల ముప్పై వేల దగ్గర పడుతుంది.

పెన్న ఒడ్డు

13.5 ఎక్కడ, 30 ఎక్కడ. అయితే లోక్ అదాలత్‌కు వద్దని చెప్పేయమంటారా?

ఓర్వకల్లు రాళ్లు

తొందరపడకండి. 30 అనేది మీవైపు ప్రతి రుజువూ నిలబడితే వచ్చే అంకె. బత్తా పోతే 25 దగ్గరికి వస్తుంది. ట్రైబ్యునల్ తీర్పు వచ్చాక కంపెనీ హైకోర్టుకు పోయిందంటే సగం డబ్బుకు కొన్నేండ్లు ఆగాల్సి రావచ్చు. లోక్ అదాలత్‌లో ఒకసారి ఒప్పుకుంటే మళ్లీ అప్పీలు ఉండదు, మీకూ లేదు, వాళ్లకూ లేదు. డబ్బు చేతికి తొందరగా వస్తుంది. పిల్లల చదువు నడుస్తున్న ఇంట్లో దానికీ విలువ ఉంది. కాబట్టి వద్దనకండి, రిజిస్టరు నకలు, ఫోన్‌పే కాగితాలు చేతిలో పెట్టుకుని వెళ్లండి. వయసు కాగితం చూస్తేనే వాళ్ల అంకె కదులుతుంది.

కోర్టు సెంటర్

ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. లోక్ అదాలత్‌లో చెప్పే అంకె సాధారణంగా వడ్డీతో కలిపి ఏకమొత్తం. వడ్డీ ఇందులో ఉందా, బయట ఉందా అని ముందే అడగండి. ఇరవైకి తక్కువైతే నేను సంతకం పెట్టమని చెప్పను. వయసు, అమ్మ, జీతం మాత్రమే నిలబడి బత్తా మొత్తం పోయినా 22.68 వస్తున్నప్పుడు అంతకు దిగడం అన్యాయం.

మీ అమ్మ విషయం గట్టి చేసుకోండి. ఆమె ఇప్పుడు మీ దగ్గర ఉండటం ముఖ్యం కాదు, అన్న పోయిన రోజున ఎవరి మీద ఆధారపడిందన్నదే చూస్తారు. రేషన్ కార్డులో అన్న కుటుంబంతో పేరుంటే చాలావరకు సరిపోతుంది.

పెన్న ఒడ్డు

కార్డులో అన్నతోనే ఉంది సార్. ఇంకో ప్రశ్న, అడగడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. వచ్చిన దాంట్లో అమ్మకు ఎంత వస్తుంది? వదిన పుట్టింటివాళ్లు అమ్మకు వాటా ఎందుకు, నువ్వు సాకుతున్నావు గదా అంటున్నారు.

గుత్తి కోట

నలుగురికీ సమానంగా పంచితే పోతుంది గదా. ఎవరికీ బాధ ఉండదు.

చీనీ తోట

సమానం అంటే చిన్న పిల్లలతో మిగిలిపోయిన ఆడమనిషికి అన్యాయం కాదా సార్? అత్తకు ఇంకో కొడుకు ఉన్నాడు. ఆమెకు ఎవరున్నారు? మా అమ్మను చూస్తున్నా కాబట్టి అడుగుతున్నా.

కోర్టు సెంటర్

సమానంగా పంచాలన్న నియమం లేదు. ట్రైబ్యునల్ ఎవరి అవసరం ఎంతో చూసి పంచుతుంది. మామూలుగా భార్యకు ఎక్కువ భాగం, పిల్లలకు తర్వాత, తల్లికి కొంత తక్కువ వేస్తారు. పిల్లల వాటా మైనారిటీ తీరేదాకా బ్యాంకులో డిపాజిటు ఉంటుంది, ట్రైబ్యునల్ అనుమతి లేకుండా దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. కానీ తల్లికి అసలు లేకుండా చేయడం కుదరదు, ఆమె పిటిషనరు. పైగా మీ వదినవాళ్లకు ఒక మాట చెప్పండి. అమ్మ లెక్కలో ఉంటేనే కోత మూడో వంతు నుంచి నాలుగో వంతుకు తగ్గుతుంది. 12,000 జీతం మీద లెక్క వేస్తే ఆమె ఉండటం వల్ల 2,52,000 పెరుగుతుంది, ఆమె పేరు మీద వచ్చే 48,400 వేరే. ఎంత వాటా అన్నది మీ కుటుంబం కూర్చుని మాట్లాడుకోవాల్సిందే, దానికి నా దగ్గర అంకె లేదు.

పెన్న ఒడ్డు

ఈ మాట వదినకు నేనే చెప్తాను, పుట్టింటివాళ్ల ముందు కాదు. వాటా మీద ఇంట్లో ఇంకా ఏమీ తేలలేదు.

ఈరోజు బడికి పోయొచ్చాను. పాత రిజిస్టర్లు మండల ఆఫీసు నుంచి తెప్పించాలన్నాడు హెడ్‌మాస్టరు, గురువారం రమ్మన్నాడు. లారీ అన్నా, మీ నంబరు ప్రైవేటు మెసేజిలో పెడతారా? మా లాయరు మాట్లాడాలంటున్నాడు.

బత్తాల లారీ

పెట్టినా చూడు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా నాకు తెలిసినవాడే, ట్రిప్ షీట్ల పాత పుస్తకాలు పారేయకముందే పోయి పట్టుకోవాల. బుధవారం పొద్దున నేను తాడిపత్రిలోనే ఉంటా, రా.